జారే నిచ్చెన లెక్కలో 4 ఎప్పుడు వేయాలి?

5 మీటర్ల నిచ్చెన ఒకటి గోడకు ఆనించి ఉంది. దాని కింది కొసను నేల మీద, గోడకు దూరంగా, సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున లాగుతున్నారు. కింది కొస గోడకు 4 మీటర్ల దూరంలో ఉన్న క్షణంలో పై కొస ఎంత వేగంతో కిందికి దిగుతోంది? పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకం పట్టుకున్నవాళ్లకు ఈ ప్రశ్న ఇవే అంకెలతో తెలుసు. ఇంటర్‌లో మార్పు రేట్ల పాఠం చదివినవాళ్లకు కూడా శంకువులో నీళ్లు పోయడమో, బుడగలో గాలి ఊదడమో, ఇలాంటిదేదో ఒకటి తగిలే ఉంటుంది.

ఈ లెక్కలో అవకలనం చేసేది ఒకే ఒక్క వరుస. పిల్లలు తడబడేది అక్కడ కాదు, దానికి ముందు. ఏం గీయాలి, దేనికి అక్షరం పెట్టాలి, ఏ అంకెను ఎప్పటిదాకా ఆపాలి అన్న చోటే సగం జవాబులు చెడిపోతాయి. అందుకే ఈ ఒక్క లెక్కను తీరిగ్గా, మొదటి గీత నుంచి చివరి అంకె దాకా చూద్దాం.

కలం పట్టుకునే ముందు కాస్త ఊహించండి. కింది కొస సెకనుకు 2 సెంటీమీటర్లు జరుగుతోంది కాబట్టి పై కొస కూడా 2 సెంటీమీటర్లే దిగుతుందని తోస్తుంది. నిచ్చెన ఒక్కటే కదా, ఒక కొస ఎంత కదిలితే రెండోదీ అంతే కదలాలి అనిపిస్తుంది. అది నిజమో కాదో తేల్చడానికి పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం చాలు. గోడ, నేల, నిచ్చెన కలిస్తే లంబకోణ త్రిభుజం అవుతుంది. అందులో నిచ్చెన కర్ణం. కింది కొస గోడకు 3 మీటర్ల దూరంలో ఉంటే పై కొస 4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దూరం 4 మీటర్లయితే ఎత్తు 3 మీటర్లు. దూరం 5 మీటర్లయితే నిచ్చెన నేల మీద పడుకున్నట్టే, ఎత్తు సున్నా.

సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున 3 మీటర్ల నుంచి 4 మీటర్లకు జరగడానికి 50 సెకన్లు పడుతుంది. ఆ 50 సెకన్లలో పై కొస 4 నుంచి 3కి, అంటే ఒక మీటరు దిగింది. సగటున సెకనుకు 2 సెంటీమీటర్లే. ఇక్కడిదాకా మన ఊహ సరిపోయింది. మరో 50 సెకన్లు లాగితే కింది కొస 4 నుంచి 5 మీటర్లకు చేరుతుంది. ఈసారి పై కొస దిగేది ఏకంగా 3 మీటర్లు, సగటున సెకనుకు 6 సెంటీమీటర్లు. అసలు నిచ్చెన గోడకు అతుక్కుని నిటారుగా ఉన్న దశ నుంచి మొదలుపెడితే, మొదటి 3 మీటర్లు లాగడానికి పట్టే 150 సెకన్లలో పై కొస దిగేది ఒక్క మీటరే. కింద వేగం మారడం లేదు, పైన మాత్రం క్షణక్షణానికీ మారిపోతోంది. మరి సరిగ్గా 4 మీటర్ల దగ్గర ఎంత?

ఇక్కడ సగటు పనికిరాదు. ముందున్న 50 సెకన్ల సగటు 2, తర్వాతి 50 సెకన్ల సగటు 6. మనకు కావలసింది ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. ఆ వ్యవధిని కుదించి చూడవచ్చు. కింది కొస 4 మీటర్లకు చేరడానికి ఒక సెకను ముందు 3.98 మీటర్ల దగ్గర ఉంటుంది, ఒక సెకను తర్వాత 4.02 దగ్గర. క్యాలిక్యులేటర్‌తో ఎత్తులు కనుక్కుంటే ముందు సెకనులో పై కొస 2.65 సెంటీమీటర్లు, తర్వాతి సెకనులో 2.69 సెంటీమీటర్లు దిగినట్టు తేలుతుంది. జవాబు ఈ రెండింటి నడుమ ఇరుక్కుంది. ఈ సంఖ్యలను పక్కన రాసి పెట్టుకోండి, చివర్లో మన జవాబును వీటితోనే సరిచూసుకోవాలి.

ఇక బొమ్మ. నిలువుగా ఒక గీత గోడ, అడ్డంగా ఒక గీత నేల, ఏటవాలుగా నిచ్చెన. ఈ బొమ్మ మీద ఏ సంఖ్యలు రాయాలన్నదే మొదటి పరీక్ష. ప్రశ్నలో మూడు సంఖ్యలు ఉన్నాయి: 5, 2, 4. చాలామంది 5ని నిచ్చెన మీద, 4ని నేల మీద రాసేసి, వెంటనే గోడ మీద 3 వేస్తారు. 3, 4, 5 అందంగా కలిశాయన్న సంతోషం కూడా ఉంటుంది. లెక్క అక్కడే చచ్చిపోతుంది.

ఆ మూడు సంఖ్యలూ ఒకే జాతివి కావు. 5 అనేది నిచ్చెన పొడవు. లాగడం మొదలుపెట్టినప్పుడూ అదే, సగంలోనూ అదే, నేల మీద పడ్డాకా అదే. 2 సెంటీమీటర్ల వేగం కూడా లాగుతున్నంతసేపూ అంతే. 4 మీటర్లు మాత్రం అలా కాదు. కింది కొస ఆ చోట ఒక్క క్షణం ఉంటుంది, అంతకు ముందు లేదు, ఆ తర్వాత ఉండదు. ప్రశ్నలో ‘ఉన్న క్షణంలో’, ‘ఉన్నప్పుడు’ అన్న మాటలు కనిపిస్తే, ఆ పక్కనున్న సంఖ్య ఆ క్షణానికి మాత్రమే చెందిందని గుర్తు. నేనైతే పిల్లల చేత ప్రశ్న కింద రెండు వరుసలు రాయిస్తాను. ఒకదాంట్లో ఎల్లప్పుడూ నిజమైనవి, రెండోదాంట్లో ఆ క్షణానికే నిజమైనవి. బొమ్మ మీదకు ఎక్కే అర్హత మొదటి వరుసకే ఉంది.

కాబట్టి బొమ్మలో నిచ్చెన పక్కన 5 రాస్తాం. నేల మీది దూరం మారుతూ ఉంటుంది గనుక దానికి x అని పేరు పెడతాం. గోడ మీది ఎత్తూ మారుతుంది గనుక అది y. ఈ రెండూ కాలంతో పాటు మారే రాశులు. కాలాన్ని t అంటే, x మారే రేటు dx/dt, y మారే రేటు dy/dt. మనకు తెలిసింది dx/dt, కావలసింది dy/dt. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసుకుంటే ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో తెలిసిపోతుంది.

తెలిసిన రేటుకూ తెలియని రేటుకూ నేరుగా సంబంధం చెప్పే సూత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. మనకు తెలిసిన సంబంధం x, y ల మధ్యది. అది పైథాగరస్ ఇస్తాడు:

x² + y² = 25

ఈ సమీకరణం ఏం చెబుతోందో ఒక నిమిషం ఆగి చూడాలి. ఒకానొక క్షణంలో నిచ్చెన ఎక్కడుందో ఇది చెప్పడం లేదు. నిచ్చెన గోడనూ నేలనూ తాకుతూ ఉన్నంతసేపూ, ఏ క్షణంలో కొలిచినా, దూరం వర్గమూ ఎత్తు వర్గమూ కలిపితే 25 వస్తుందని చెబుతోంది. x పెరుగుతుంటే y తగ్గి తీరాలి, మొత్తం మాత్రం కదలకూడదు. కదలికంతా ఈ ఒక్క వరుసలో ఇమిడి ఉంది. 4ని ఇంకా ఎక్కడా వాడలేదు, అయినా లెక్కలో ముఖ్యమైన పని అయిపోయింది.

ఇప్పుడు రెండు వైపులా t దృష్ట్యా అవకలనం చేయాలి. x² మారే రేటు ఎంత? x భుజంగా ఒక చతురస్రాన్ని ఊహించండి, దాని వైశాల్యమే x². భుజం కొద్దిగా పెరిగితే చతురస్రానికి రెండు పక్కల రెండు సన్నని పట్టీలు చేరతాయి. ఒక్కో పట్టీ పొడవు x, వెడల్పు ఆ కొద్ది పెరుగుదల. మూలలో ఒక చిన్న చుక్కంత ముక్క కూడా చేరుతుంది గానీ, పెరుగుదలను తగ్గించే కొద్దీ పట్టీల ముందు అది లెక్కలోకి రాకుండా పోతుంది. అందుకే x² పెరిగే రేటు, 2x ని x పెరిగే రేటుతో గుణించినంత. పుస్తకాల్లో చైన్ రూల్ అనేది ఇక్కడ చేసే పని ఇంతే. y² విషయమూ అలాగే. కుడివైపు 25 మారదు, దాని రేటు సున్నా. అంటే

2x (dx/dt) + 2y (dy/dt) = 0

2ను కొట్టేసి సర్దితే

dy/dt = −(x/y) (dx/dt)

ఇప్పుడు, ఇక్కడ మాత్రమే, 4 లోపలికి వస్తుంది. x = 4 అయిన క్షణంలో y = 3. dx/dt సెకనుకు 2 సెంటీమీటర్లు. కాబట్టి dy/dt = −(4/3) × 2 = −8/3. పై కొస సెకనుకు సుమారు 2.67 సెంటీమీటర్ల వేగంతో దిగుతోంది. ముందు పక్కన పెట్టుకున్న 2.65, 2.69 ల మధ్యలోనే ఇది కూర్చుంది. రుణ గుర్తు ఎత్తు తగ్గుతోందని చెబుతోంది. ప్రశ్న ‘ఏ రేటులో తగ్గుతోంది’ అని అడిగితే తగ్గడం అన్న మాటలోనే ఆ గుర్తు ఉంది గనుక జవాబు 8/3. ‘ఎత్తు మార్పు రేటు ఎంత’ అని అడిగితే −8/3. మార్కులు పోయే చోటు ఇది కూడా.

ఇప్పుడు 4ని తొందరపడి ముందే వేస్తే ఏమవుతుందో చూద్దాం, ఎందుకంటే ఆ తప్పు తానే నోరు విప్పి చెబుతుంది. బొమ్మ మీద 4, 3, 5 రాసుకున్న విద్యార్థి సమీకరణం 16 + 9 = 25 అవుతుంది. అవకలనం చేస్తే ప్రతి పదమూ స్థిరరాశే, కాబట్టి 0 = 0. తప్పు కాదు గానీ దానితో ఏ పనీ జరగదు. అక్కడ ఆగిపోయిన పిల్లలు అవకలనం రాదేమోనని భయపడతారు. నిజానికి వాళ్ల అవకలనం నిక్షేపంగా ఉంది. అవకలనం అడిగేది ‘ఏది ఎంత మారుతోంది’ అని. మారే రాశులన్నిటినీ ముందే సంఖ్యలుగా గడ్డకట్టించేశాక, ఏదీ మారడం లేదన్న జవాబే వస్తుంది.

రెండో రకం తప్పు ఇంకా మోసకారిది. y = 3 మాత్రం వేసి, x ని అక్షరంగా వదిలితే సమీకరణం x² + 9 = 25. అవకలనం చేస్తే 2x (dx/dt) = 0. x = 4 కాబట్టి dx/dt = 0. అంటే కింది కొస కదలడం లేదట! ప్రశ్నలో అది సెకనుకు 2 సెంటీమీటర్లు కదులుతోందని స్పష్టంగా ఇచ్చారు. ఈ వైరుధ్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఎత్తు 3 మీటర్ల దగ్గర శాశ్వతంగా ఆగిపోయిందని సమీకరణానికి మనమే చెప్పాం. పై కొసకు మేకు కొట్టేసి, నిచ్చెన పొడవు మారకూడదంటే, కింది కొస కూడా కదల్లేదు. సమీకరణం మనం చెప్పినదానికి సరైన జవాబే ఇచ్చింది. మీ లెక్కలో ఎక్కడైనా 0 = 0 వచ్చినా, ఇచ్చిన రేటే సున్నా అని తేలినా, వెనక్కి వెళ్లి చూడండి. రెండో వరుసలో ఉండాల్సిన సంఖ్య ఏదో మొదటి వరుసలోకి దూరి ఉంటుంది.

ఈ వరుసక్రమం పరీక్షల కోసం పుట్టిన నియమం కాదు. న్యూటన్ 1671 ప్రాంతంలో రాసుకున్న కలనగణిత గ్రంథం, ఆయన పోయిన తొమ్మిదేళ్లకు, 1736లో జాన్ కోల్సన్ ఇంగ్లిష్ అనువాదంగా అచ్చయింది. అందులో మారే రాశులను ప్రవహించే వాటిగా, వాటి వేగాలను ఆ ప్రవాహ వేగాలుగా చూస్తాడు న్యూటన్. ఆ పుస్తకంలో మొట్టమొదటి సమస్యే, ప్రవహించే రాశుల మధ్య సంబంధం ఇస్తే వాటి వేగాల మధ్య సంబంధం కనుక్కోమని. రాశుల మధ్య సంబంధం ముందు, రేట్ల మధ్య సంబంధం తర్వాత. మన నిచ్చెన లెక్కలో x² + y² = 25 మొదటిది, దాని అవకలనం రెండోది. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1836లో, లండన్‌లో విలియం రిచీ రాసిన కలనగణిత పుస్తకం ఈ రకం రేట్ల లెక్కలను మామూలు విద్యార్థుల దాకా తెచ్చింది. నేటి పాఠ్యపుస్తకాల్లోని ఈ అధ్యాయానికి మూలం అక్కడ ఉంది.

ఏ సమీకరణం రాయాలన్నది కూడా ఆలోచించి ఎంచుకోవాల్సిందే. అదే నిచ్చెన, అదే క్షణం, ప్రశ్న మాత్రం మారిందనుకుందాం. నిచ్చెనకూ నేలకూ మధ్య కోణం ఏ రేటులో తగ్గుతోంది? కోణాన్ని θ అందాం. గోడ మీది ఎత్తును నేల మీది దూరంతో భాగిస్తే tan θ వస్తుందని అందరికీ గుర్తుంటుంది గనుక చేయి అటే పోతుంది. దానితోనూ జవాబు వస్తుంది. కాకపోతే ఆ సమీకరణంలో x, y, θ మూడూ ఉన్నాయి, మూడూ మారుతున్నాయి. భాగహారాన్ని అవకలనం చేయాలి, ముందు కనుక్కున్న dy/dt ని మోసుకురావాలి, అది తప్పయితే ఇదీ తప్పవుతుంది. మనకు తెలిసింది dx/dt, కావలసింది dθ/dt. ఆ రెండు రాశులను మాత్రమే కలిపే సమీకరణం ఉందా? ఉంది. మారని నిచ్చెన పొడవును వాడుకుంటే చాలు:

x = 5 cos θ

అవకలనం చేస్తే dx/dt = −5 sin θ (dθ/dt). ఇందులో 5 sin θ అంటే మన ఎత్తు y, ఆ క్షణంలో 3. కాబట్టి dθ/dt = −(dx/dt)/3.

ఇక్కడొక గుంట ఉంది. dx/dt స్థానంలో 2 వేస్తే −2/3 వస్తుంది. సెకనుకు 2/3 రేడియన్లు, అంటే దాదాపు 38 డిగ్రీలు. ఇది నమ్మదగిందేనా? కింది కొస 4 మీటర్ల దగ్గర ఉన్నప్పుడు నిచ్చెన నేలతో చేసే కోణం దాదాపు 37 డిగ్రీలే. సెకనుకు 38 డిగ్రీల చొప్పున తగ్గితే ఒక్క సెకనులోనే నిచ్చెన నేల మీద ఉండాలి. కానీ కింది కొసకు ఇంకా మీటరు దూరం ఉంది, సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున అది 50 సెకన్ల ప్రయాణం. ఎక్కడో వంద రెట్ల తేడా వచ్చింది. 3 మీటర్లలో ఉంది, 2 సెంటీమీటర్లలో ఉంది. 2 సెంటీమీటర్లను 0.02 మీటర్లుగా రాస్తే dθ/dt = −0.02/3, సెకనుకు 0.38 డిగ్రీలు. పై కొస వేగం కనుక్కున్నప్పుడు ఇదే కలగాపులగం ఉన్నా దెబ్బ తగల్లేదు. అక్కడ x/y అనేది మీటర్లను మీటర్లతో భాగించడం, కొలమానం తనంతట తానే రద్దయిపోయింది. అందుకే పిల్లలు మొదటి లెక్కలో గట్టెక్కి, రెండోదాంట్లో పడిపోతారు. సమీకరణం రాసే ముందే అన్నిటినీ ఒకే కొలమానంలోకి మార్చుకుంటే ఈ బెడద ఉండదు.

4ని చివరిదాకా ఆపినందుకు మరో లాభం ఉంది. dy/dt = −(x/y)(dx/dt) అన్నది ఒక్క క్షణానికి జవాబు కాదు, నిచ్చెన ప్రయాణం మొత్తానికీ జవాబు. x = 3 వేస్తే వేగం 1.5 సెంటీమీటర్లు. x, y సమానమైనప్పుడు, అంటే నిచ్చెన 45 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు, రెండు కొసల వేగమూ ఒకటే. మనం మొదట్లో ఊహించిన 2 సెంటీమీటర్లు ఆ ఒక్క క్షణంలోనే నిజం. కింది కొస 4.8 మీటర్ల దగ్గర ఉంటే పై కొస వేగం దాదాపు 6.9 సెంటీమీటర్లు. 4.99 మీటర్ల దగ్గర 31.6. ఇంకొక్క మిల్లీమీటరు దూరం మిగిలినప్పుడు, అంటే 4.999 దగ్గర, పై కొస నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి సెకనుకు మీటరు వేగంతో దిగుతుంది.

ఆ పైన? y సున్నాకు చేరే కొద్దీ x/y హద్దు లేకుండా పెరుగుతుంది. సమీకరణాన్ని చివరిదాకా నమ్మితే, నేలను తాకే ముందు పై కొస వేగం కాంతి వేగాన్ని కూడా దాటాలి. నిచ్చెనను లాగుతున్నది సెకనుకు 2 సెంటీమీటర్ల నెమ్మదితో. ఇది ఎలా సాధ్యం? అవకలనంలో తప్పు లేదు, సమీకరణంలోనూ లేదు. సమీకరణం రాసేటప్పుడు మనం పెట్టుకున్న షరతు ఒకటుంది: నిచ్చెన పై కొస గోడను తాకుతూనే ఉంటుందని. గీతలో అది కనిపించదు, అందుకే ఎవరూ ప్రశ్నించరు. ఆ షరతు తెగిపోయిన చోట x² + y² = 25 కూడా తెగిపోతుంది. పాల్ స్కోల్టెన్, ఆండ్రూ సైమొసన్ 1996లో కాలేజ్ మ్యాథమెటిక్స్ జర్నల్‌లో రాసిన వ్యాసం ఈ చిక్కు గురించే.

షరతు ఎక్కడ తెగుతుందో మన నిచ్చెనకే లెక్క కట్టవచ్చు. నిచ్చెన పొడవునా బరువు సమానంగా ఉందనీ, గోడ నున్నగా ఉందనీ అనుకుందాం. పై కొస వేగం పెరుగుతోంది, ఆ పెరుగుదల త్వరణం. మన సమీకరణాన్ని మరోసారి అవకలనం చేస్తే, పై కొస గోడను అంటిపెట్టుకుని ఉండాలంటే ఎంత త్వరణంతో దిగాలో తెలుస్తుంది. లాగే వేగాన్ని నిచ్చెన పొడవుతో గుణించి, వర్గం చేసి, ఎత్తు ఘనంతో భాగించాలి. మన అంకెలతో అది మీటర్లు, సెకన్లలో 0.01/y³. ఎత్తు 3 మీటర్లున్నప్పుడు ఇది లెక్కలోకి రానంత చిన్నది. ఎత్తు 10 సెంటీమీటర్లకు వచ్చేసరికి సెకనుకు సెకనుకు 10 మీటర్లయింది.

మరి నిచ్చెనను కిందికి లాగుతున్నదెవరు? దాని సొంత బరువు మాత్రమే. కింది కొస మీద కీలులా తిరిగి వాలిపోయే నిచ్చెన, నేలకు దాదాపు సమాంతరంగా వచ్చినప్పుడు, దాని పై కొసకు భూమ్యాకర్షణ ఇవ్వగలిగిన త్వరణం g కి ఒకటిన్నర రెట్లు, అంటే 14.7. అంతకు మించి కావాలంటే గోడ నిచ్చెనను తన వైపు లాక్కోవాలి. గోడ నెట్టగలదే గానీ లాగలేదు. 0.01/y³ = 14.7 అని రాస్తే y సుమారు 0.088 మీటర్లు. పై కొస నేలకు దాదాపు 9 సెంటీమీటర్ల ఎత్తులో ఉండగా గోడను వదిలేస్తుంది.

ఇది మెల్లగా, ఒకే వేగంతో లాగినప్పటి మాట. ఎవరూ లాగకుండా, నున్నటి నేల మీద నిచ్చెన తన బరువుతో తానే జారితే, లెక్క వేరే. అప్పుడు కింది కొస వేగం కూడా స్థిరంగా ఉండదు. నిశ్చల స్థితి నుంచి జారడం మొదలుపెట్టిన నిచ్చెన, మొదటి ఎత్తులో మూడింట రెండు వంతులకు దిగగానే గోడను విడిచేస్తుంది. పై కొస 4.5 మీటర్ల దగ్గర మొదలైతే 3 మీటర్ల దగ్గరే విడిపోతుంది. నిజమైన నిచ్చెన ప్రమాదంలో x² + y² = 25 పనికొచ్చేది మొదటి భాగానికే.

మన లెక్కలోని నిచ్చెన మాత్రం చివరి 9 సెంటీమీటర్ల దాకా సమీకరణానికి కట్టుబడే ఉంటుంది. విడిపోయే క్షణంలో పై కొస వేగం సెకనుకు 1.14 మీటర్లు. అప్పటికి కింది కొస 5 మీటర్ల గుర్తుకు ఇంకా మిల్లీమీటరులోపే ఉంది. అక్కడి నుంచి నిచ్చెన కింది కొస మీద తిరుగుతూ స్వేచ్ఛగా పడిపోతుంది. పైథాగరస్ సమీకరణం స్థానంలో శక్తి నిత్యత్వ సమీకరణం రాసి సాధిస్తే, పై కొస నేలను తాకే వేగం సెకనుకు సుమారు 2 మీటర్లని తేలుతుంది. ఆ పతనానికి పట్టే సమయం సెకనులో పదహారో వంతుకన్నా కాస్త తక్కువ. అంతలో కింది కొస మరో 1.1 మిల్లీమీటర్లు జరుగుతుంది. కాబట్టి నిచ్చెన నేలను తాకేటప్పుడు పై కొసకూ గోడకూ మధ్య ఏర్పడే ఎడం అర మిల్లీమీటరు కూడా ఉండదు, పక్కన నిలబడి చూసేవారి కంటికి అది ఆనదు.